జిమ్ ట్రైనర్ ప్రొఫైల్ ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం ఎట్టా: సర్టిఫికెట్లు, క్లయింట్ల రిజల్ట్స్, షుగర్ మాటలు

నెల్లూరులో ఏ జిమ్ ట్రైనర్ ఇన్‌స్టా ఓపెన్ చేసినా, గోడ మీద ఫ్లెక్సీ చూసినా దాదాపు ఇదే ఉంటది:

"ఇంటర్నేషనల్ సర్టిఫైడ్ ట్రైనర్ & న్యూట్రిషనిస్ట్. 5 ఏళ్ల అనుభవం. 30 రోజుల్లో 10 కేజీలు గ్యారంటీ. షుగర్, థైరాయిడ్, పీసీఓడీకి పర్మనెంట్ సొల్యూషన్. 100+ ట్రాన్స్‌ఫర్మేషన్స్."

ఈ గైడ్‌లో ఈ ఒక్క ప్రొఫైల్‌నే తీసుకుని ముక్క ముక్కగా విప్పి మళ్లీ రాద్దాం. లెక్క అర్థం కావడానికి ఒక ట్రైనర్‌ని ఊహించుకుందాం, మాగుంట లేఔట్ వైపు ఒక మామూలు జిమ్‌లో పని చేసే తమ్ముడు, ఇరవై ఏడేళ్లు ఉంటాయి, పని బాగా తెలుసు, క్లయింట్లు కూడా ఇష్టపడతారు, ప్రొఫైల్ మాత్రం పక్క జిమ్ వాడిది చూసి రాసేసుకున్నాడు. కింద వచ్చే అంకెలన్నీ ఈ ఊహించిన తమ్ముడివే, నిజంగా ఎవరివీ కాదు. మీరు చేసేటప్పుడు మీ అంకెలు పెట్టుకోండి.

మొదటి పని: కాగితాలన్నీ బయటికి తీసి కుప్పలు పెట్టండి

ఫైల్లో ఉన్న ప్రతి సర్టిఫికెట్ టేబుల్ మీద పరవండి. మన తమ్ముడి దగ్గర నాలుగు ఉన్నాయి. 2021లో పాసైన అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వాళ్ల పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్, మనోళ్లు ఏస్ అంటారే అది. స్కిల్ ఇండియా కింద చేసిన ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సుది ఒకటి. చెన్నైలో శని ఆదివారాలు జరిగిన న్యూట్రిషన్ వర్క్‌షాప్‌ది ఒకటి. జిల్లా లెవల్ బాడీ బిల్డింగ్ పోటీలో మూడో ప్లేస్ వచ్చినట్టు ఒకటి. నాలుగూ లామినేషన్ చేసి పక్కపక్కనే గోడకి తగిలిస్తే చూసేవాడికి నాలుగూ ఒకే బరువు అనిపిస్తాయి, కానీ నాలుగూ నాలుగు వేరే వేరే సంగతులు చెప్తాయి.

ఏస్ లాంటిది పరీక్ష పాసై తెచ్చుకునే సర్టిఫికేషన్, దానికి గడువు ఉంటది. ఏస్‌ది గానీ, నాసమ్ అని పిలిచే నేషనల్ అకాడమీ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌ది గానీ రెండేళ్లే, ఆ రెండేళ్లలో దాదాపు ఇరవై గంటల అదనపు చదువు చూపించి, సీపీఆర్ కూడా కరెంట్‌లో పెట్టుకుని రెన్యూ చేసుకోవాలి. ఏసీఎస్ఎం అని పిలిచే అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్లది మూడేళ్లు. మన తమ్ముడిది 2021లో వచ్చి 2023లో అయిపోయింది, రెన్యూ ఫీజు కట్టలేదు. అంటే ఇప్పుడు "ఏస్ సర్టిఫైడ్" అని రాస్తే అది అబద్ధమే, చదివింది ఎక్కడికీ పోలేదు కదా అంటే పోలేదు, నిజమే, అందుకే ఇట్టా రాసుకోవచ్చు: "2021లో ఏస్ పర్సనల్ ట్రైనర్ పరీక్ష పాసయ్యా. సర్టిఫికేషన్ గడువు 2023లో అయిపోయింది, ప్రస్తుతం యాక్టివ్‌లో లేదు." ఇట్టా రాస్తే పరువు పోతదని భయపడతారు గానీ, ఎవరైనా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతికి, లిస్టులో లేదని తెలుసుకున్న రోజు పోయే పరువు అంతకంటే పెద్దది. ఈ పెద్ద సంస్థల్లో చాలావాటికి ఆన్‌లైన్‌లో పేరు పెట్టి చెక్ చేసే పేజీ ఉంటది, చదువుకున్న క్లయింట్లు చూస్తున్నారు కూడా.

స్కిల్ ఇండియా కోర్సు అనేది క్వాలిఫికేషన్, స్పోర్ట్స్, ఫిజికల్ ఎడ్యుకేషన్, ఫిట్‌నెస్ అండ్ లీజర్ స్కిల్స్ కౌన్సిల్ అసెస్‌మెంట్ పెట్టి ఇచ్చేది. దాని మీద గవర్నమెంట్ లోగో ఉంటది కాబట్టి చాలామంది "గవర్నమెంట్ అప్రూవ్డ్ ట్రైనర్" అనో "లైసెన్స్‌డ్ ట్రైనర్" అనో రాసేస్తారు. డాక్టర్‌కి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నట్టు మన దేశంలో జిమ్ ట్రైనర్‌కి కంపల్సరీ లైసెన్స్ అంటూ ఒకటి లేదు, లేనిదాన్ని ఉన్నట్టు రాయడం ఎందుకు. కోర్సు పేరు, ఇచ్చిన కౌన్సిల్ పేరు, సంవత్సరం, అంతే చాలు, అది తక్కువేం కాదు.

వర్క్‌షాప్ కాగితం హాజరైనట్టు సాక్ష్యం, ఇంకేం కాదు. రెండు రోజులు కూర్చుని "న్యూట్రిషనిస్ట్" అని పేరు కింద వేసుకోవడమే ఈ ఫీల్డ్‌లో అన్నిటికంటే ఎక్కువ కనిపించే అతిశయం, నా వరకు దీన్ని కొట్టేయడానికి రెండో ఆలోచన అక్కర్లేదు. రిజిస్టర్డ్ డైటీషియన్ అనే మాట వేరే, న్యూట్రిషన్‌లో డిగ్రీ పైన చదివి, ఇంటర్న్‌షిప్ చేసి, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష రాసి తెచ్చుకునేది. ట్రైనర్ రాయగలిగింది: "2022లో రెండు రోజుల న్యూట్రిషన్ వర్క్‌షాప్‌కి వెళ్లా. మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్లకి తిండి అలవాట్ల గురించి సాధారణ సలహా ఇస్తా, జబ్బు ఉన్నవాళ్లకి డైట్ చార్ట్ ఇవ్వను."

పోటీ మెడల్ తీసేయమని చెప్పను, పెట్టుకోండి, కష్టపడి తెచ్చుకున్నది. కాకపోతే సర్టిఫికెట్ల వరసలో కాకుండా వేరే చోట పెట్టండి. అది మీ ఒళ్లు మీరు ఎంత బాగా తయారు చేసుకున్నారో చెప్తది, మోకాళ్ల నొప్పి ఉన్న యాభై ఏళ్ల ఆంటీకి కూర్చుని లేవడం ఎట్టా నేర్పుతారో చెప్పదు.

పటియాలాలో ఎన్ఐఎస్ అని పిలిచే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్ గురించి కూడా ఒక మాట, మన వైపు పీఈటీ సార్లు, కోచ్‌లు ఎక్కువ కాబట్టి. అక్కడ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఏడాది పాటు సాగే డిప్లొమా ఉంది. రెండింటికీ "ఎన్ఐఎస్ కోచ్" అనే రాసుకుంటారు. ఏది చేశారో, ఏ ఆటలో చేశారో రాయండి, ఆరు వారాలది డిప్లొమా అనిపించేలా మాత్రం వదిలేయొద్దు.

మొత్తానికి ప్రతి సర్టిఫికెట్‌కి రాయాల్సింది పూర్తి పేరు, ఎవరు ఇచ్చారు, ఏ సంవత్సరం, గడువు ఎప్పటిదాకా, పరీక్ష ఉందా లేక హాజరా. "ఇంటర్నేషనల్ సర్టిఫైడ్" అనే మాటలో ఈ ఐదింటిలో ఒక్కటి కూడా లేదు. సీపీఆర్ విడిగా ఒక లైను, అది మామూలుగా రెండేళ్లకి అయిపోతది, తేదీ లేకుండా రాస్తే అర్థం లేదు.

ఇక "5 ఏళ్ల అనుభవం". తమ్ముడు ఐదేళ్ల కింద తను జిమ్‌లో చేరాడు. జీతం తీసుకుని వేరేవాళ్లకి నేర్పడం మొదలుపెట్టి మూడేళ్లు. అనుభవం అంటే మూడు.

రెండో పని: చేరిన వాళ్లందరి లెక్క

ఇక్కడ టైం పెట్టాలి, ఒక ఆదివారం సాయంత్రం మొత్తం పట్టినా పర్వాలేదు. "100+ ట్రాన్స్‌ఫర్మేషన్స్" అన్నప్పుడు వందమంది ఎవరు, ఎంతమందిలో వంద, ఏం మారితే ట్రాన్స్‌ఫర్మేషన్ అన్నారు, ఈ మూడింటికీ జవాబు ఉండదు. ఫోన్ గ్యాలరీలో ఉన్న బాగా తగ్గినవాళ్ల ఫోటోలు చూసి రాసిన అంకె అది. మానేసినవాళ్లు గ్యాలరీలో ఉండరు కదా.

ఫీజు రిజిస్టర్ తీయండి, లేకపోతే ఫోన్‌పే హిస్టరీ అయినా చాలు. ఒక ఏడాది తీసుకోండి, జనవరి నుంచి డిసెంబర్. బరువు తగ్గాలని మీ దగ్గర పర్సనల్ ట్రైనింగ్‌కి చేరిన ప్రతి ఒక్కరి పేరు నోట్‌బుక్‌లో రాయండి, వారం వచ్చి మానేసినవాళ్లతో సహా. మన తమ్ముడికి అట్టా 41 మంది తేలారు. అందులో 12 మంది పన్నెండు వారాలు కూడా పూర్తి చేయలేదు, పోర్టులో షిఫ్టులు మారినవాళ్లు, రొయ్యల గుంటల దగ్గర పట్టుబడి టైంలో రాలేనివాళ్లు, నచ్చక మానేసినవాళ్లు. మిగిలింది 29. వాళ్లలో 5 మందికి మొదట్లో బరువు చూసి రాసుకున్నాడు గానీ చివర్లో చూడలేదు. రెండు వైపులా కొలతలు ఉన్నది 24 మందికి.

ఆ 24 మందిలో పన్నెండు వారాలకి 5 కేజీల పైన తగ్గినవాళ్లు 5 మంది, 2 నుంచి 5 కేజీల మధ్య తగ్గినవాళ్లు 15 మంది, దాదాపు అట్టానే ఉన్నవాళ్లో కొంచెం పెరిగినవాళ్లో 4. అందరికంటే ఎక్కువ తగ్గిన ఒకాయన తొమ్మిదిన్నర కేజీలు.

ఇప్పుడు చూడండి, ఇవే అంకెలతో ఎన్ని ప్రొఫైల్స్ రాయొచ్చో. "12 వారాల్లో 9.5 కేజీలు" అని రాయొచ్చు, అబద్ధం కాదు, ఒక్కరికి జరిగింది. "మా క్లయింట్లలో 83 శాతం మందికి బరువు తగ్గింది" అనొచ్చు, 24లో 20 అంటే 83 శాతమే. "చేరిన 41 మందిలో 20 మందికి 2 కేజీలు ఆపైన తగ్గింది" అనొచ్చు, అది 49 శాతం. మూడూ ఒకే రిజిస్టర్ నుంచి వచ్చినవే. ఫీజు కట్టబోయే మనిషికి కావాల్సింది మూడోది, ఎందుకంటే ఆయన రేపు చేరబోయేది 41 మందిలో ఒకడిగా, 24 మందిలో ఒకడిగా కాదు. మానేస్తాడో లేదో ఆయనకి కూడా ఇప్పుడు తెలియదు.

సగటు రాయాలనుకుంటే మామూలు సగటు కంటే మధ్యలో ఉన్న మనిషి అంకె రాయడం మేలు. 24 మందిని ఎక్కువ తగ్గినవాళ్ల నుంచి తక్కువ తగ్గినవాళ్ల దాకా వరసలో పెట్టి 12వ మనిషిని, 13వ మనిషిని చూడాలి. ఒకరు 3.6, ఇంకొకరు 3.2 తగ్గితే మధ్య అంకె 3.4 కేజీలు. మామూలు సగటు తీస్తే ఆ తొమ్మిదిన్నర కేజీల ఆయన ఒక్కడే అంకెని పైకి లాగేస్తాడు.

ఈ పని అవ్వగానే "30 రోజుల్లో 10 కేజీలు గ్యారంటీ" దానంతట అదే రాలిపోతది, రాలకపోతే లెక్క చేసి చూసుకోండి. ఒక కేజీ కొవ్వులో ఉండే శక్తి దాదాపు 7,700 కేలరీలు. పది కేజీలంటే 77,000. ముప్పై రోజులకి పంచితే రోజుకి 2,560 చిల్లర కేలరీల లోటు పడాలి. మామూలుగా ఆఫీసులో కూర్చుని పని చేసే మనిషి రోజంతా ఖర్చు పెట్టేది చాలాసార్లు అంతకంటే తక్కువే, అంటే నెల రోజులు ఏమీ తినకపోయినా లెక్క సరిపోదు. ముప్పై రోజుల్లో పది కేజీలు తగ్గిన వీడియోలు ఉన్నాయి కదా అంటారు, వాటిలో నీళ్లు ఎంత, కండ ఎంత పోయిందో వీడియోలో చెప్పరు. వారానికి అర కేజీ నుంచి కేజీ దాకా అనేదే మామూలుగా చెప్పే వేగం, మన తమ్ముడి క్లయింట్లలో ఎక్కువమంది అంత కూడా కాదు, మధ్య అంకె పన్నెండు వారాలకి 3.4. అదే రాయాలి.

కొలతే తప్పయితే నిజాయితీగా రాసినా తప్పే

బరువు అనేది రోజు రోజుకీ కేజీ రెండు కేజీలు అటూ ఇటూ ఊగుతది. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, గ్లైకోజెన్ అంటారే అది, ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుతది, ఉప్పు కూడా నీళ్లు ఆపుతది, అందుకే అన్నం, ఉప్పు ఎక్కువ తిన్న మర్నాడు బరువు పెరిగినట్టు, రెండు రోజులు అన్నం తగ్గించగానే బాగా తగ్గినట్టు కనపడతది. ఇది తెలిసిన ట్రైనర్ ఎవరైనా కావాలంటే మోసం చేయొచ్చు: సంక్రాంతి అయిపోయిన మర్నాడు సాయంత్రం, అరిసెలు, చేపల పులుసు అన్నం అన్నీ కడుపులో ఉన్నప్పుడు, బూట్లు వేసుకుని మొదటి బరువు చూడటం, చివరి బరువు పరగడుపున. చెమట చుక్క పడకుండా రెండు కేజీలు మాయం. కొందరు కావాలని చేస్తారు, ఎక్కువమంది తెలియక చేస్తారు, పేపర్ మీద రెండూ ఒకటే.

అందుకని పద్ధతి ఇది. పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, తేలిక బట్టలతో, ఒకే మిషన్ మీద. వరసగా మూడు పొద్దులు చూసి సగటు రాయండి. క్లయింట్ ఇంట్లో మిషన్ ఉంటే ఇంట్లోనే చూసుకుని ఫోటో పంపమనండి, మొదలూ చివరా అదే మిషన్ అయితే చాలు. ఆడవాళ్లకి పీరియడ్స్ ముందు నీళ్లు పట్టి బరువు పెరుగుతది, నెలలో ఒకే సమయానికి పోల్చండి.

నడుము కొలత బరువు కంటే నమ్మకంగా ఉంటది, టేప్ పెట్టే చోటు మారకపోతే. చివరి పక్కటెముక అంచుకీ, తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో పెట్టి, మామూలుగా గాలి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాగకుండా. సరిగ్గా బొడ్డు దగ్గర ఒకసారి, దానికి కొంచెం పై వైపు ఒకసారి పెడితే రెండు మూడు సెంటీమీటర్లు తేడా వచ్చేస్తది, అదేదో రిజల్ట్ అనుకుంటారు. జిమ్‌లో నిలబడితే ఫ్యాట్ శాతం ప్రింట్ తీసే మిషన్లు ఉన్నాయి కదా, అవి కరెంట్ ఒంట్లో ఎట్టా పారుతుందో చూసి అంచనా వేస్తాయి, నీళ్లు తాగారా, చెమట పట్టిందా అనేదాన్ని బట్టి అంకె మారుతది. "28 నుంచి 24 శాతానికి" అని ఒక్కో ప్రింట్ మీదే ఆధారపడి ప్రొఫైల్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇంకో సంగతి, ఇది కొత్తగా వచ్చిన తలనొప్పి. వారానికోసారి వేసుకునే బరువు తగ్గే ఇంజెక్షన్లు 2025 నుంచి మన దగ్గర కూడా డాక్టర్ చీటీ మీద దొరుకుతున్నాయి. మీ క్లయింట్ అది వాడుతూ మీ దగ్గర పన్నెండు కేజీలు తగ్గితే ఆ పన్నెండు మీ ఖాతాలో వేసుకోకూడదు, అట్టని ఆవిడ ఇంజెక్షన్ వాడుతోందని బయట చెప్పనూ కూడదు. చేయాల్సింది తేలికే, అట్టాంటి వాళ్లని లెక్క నుంచి పక్కన పెట్టి, "బరువు మీద ప్రభావం చూపే మందులు వాడేవాళ్లని ఇందులో కలపలేదు" అని ఒక లైను రాస్తే సరి.

ఫోటోలు

ముందు ఫోటోలో పొట్ట వదిలి మొహం వేలాడేసి ట్యూబ్‌లైట్ కింద, తర్వాత ఫోటోలో పంప్ అయ్యాక పైనుంచి లైట్ పడేచోట. ఈ ట్రిక్ అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. ఒకే గోడ, ఒకే లైటు, ఒకే దూరం, ఎక్సర్‌సైజ్ చేయకముందు, రెండు ఫోటోల మీదా తేదీ, ఫిల్టర్ వద్దు. ఫోటో కింద "ఇది ఒకరి ఫలితం, మా మధ్య అంకె 12 వారాలకి 3.4 కేజీలు" అని పక్కనే ఉండాలి, ప్రొఫైల్‌లో వేరే యాడో కింద కాదు.

పర్మిషన్ మాత్రం నోటిమాటగా తీసుకోవద్దు. మన ఊరు ఎంత, ట్రంక్ రోడ్డు మీద నడిస్తే నలుగురు తెలిసినవాళ్లు ఎదురొచ్చే ఊరు. మొహం కట్ చేసినా చేతి మీద పచ్చబొట్టు చూసి గుర్తుపడతారు, గాజులు చూసి గుర్తుపడతారు. తెలుగులో అర పేజీ రాసి సంతకం పెట్టించుకోండి: ఏ ఫోటో, యాడ యాడ పెడతాం, ఎన్నాళ్లు, వద్దంటే ఎప్పుడైనా తీసేస్తాం, ఒప్పుకోకపోయినా ట్రైనింగ్‌లో తేడా ఉండదు. ఫోటోకి ఒప్పుకున్నందుకు ఒక నెల ఫీజు తగ్గించి ఉంటే అది కూడా పోస్టులో చెప్పాలి, డబ్బు గానీ డిస్కౌంట్ గానీ తీసుకుని మెచ్చుకుంటే ఆ సంబంధం బయటపెట్టాలని ప్రకటనల మీద 2022లో వచ్చిన కేంద్రం గైడ్‌లైన్స్‌లోనే ఉంది.

మూడో పని: జబ్బుల పేర్లు తీసేయడం

"షుగర్, థైరాయిడ్, పీసీఓడీకి పర్మనెంట్ సొల్యూషన్." ఈ లైను పెడితే ఫోన్లు ఎక్కువ వస్తాయి, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఎందుకు తీసేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

నలభై ఎనిమిదేళ్ల క్లయింట్, షుగర్ ఉంది. చేరినప్పుడు హెచ్‌బీఏ1సీ 8.1, నాలుగు నెలల తర్వాత 6.9. ట్రైనర్‌కి సంతోషంగానే ఉంటది, రిపోర్ట్ ఫోటో తీసి స్టేటస్ పెట్టాలనిపిస్తది. కానీ హెచ్‌బీఏ1సీ అనేది వెనక రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, ఆ రెండు మూడు నెలల్లో ఏమేం జరిగింది? పొగతోటలో డాక్టర్ గారు ఒక కొత్త మాత్ర కలిపారు. ఇంట్లో రాత్రి అన్నం తగ్గించారు. రోజూ నడిచారు, వారానికి మూడు రోజులు వెయిట్స్ చేశారు. ఏది ఎంత పని చేసిందో ట్రైనర్‌కి తెలియదు, విడదీయడానికి మార్గం కూడా లేదు. ఎక్సర్‌సైజ్ షుగర్ కంట్రోల్‌కి సాయపడతది అన్నది డాక్టర్లే చెప్పే మాట, "నేను షుగర్ తగ్గించా" అనేది వేరే మాట.

దానికంటే పెద్ద సమస్య ఆ స్టేటస్ చూసి వచ్చేవాళ్లతో. పర్మనెంట్ సొల్యూషన్ అని చదివి వచ్చిన మనిషి నెలన్నర తర్వాత మాత్ర తనే ఆపేస్తాడు. ఇంకొకాయన గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, టిఫిన్ తినకుండా పొద్దున ఆరింటికి వచ్చి స్క్వాట్స్ మొదలుపెడతాడు, ఆ మాత్ర, ఇన్సులిన్ లాంటివి వాడేవాళ్లకి అట్టా చేస్తే షుగర్ 70 కంటే కిందకి పడిపోయే ప్రమాదం ఉంది, చేతులు వణకడం, చల్లటి చెమటలు, మాట తడబడటం. ప్రొఫైల్‌లో జబ్బు పేరు పెట్టి పిలిచింది మీరే, ఆయన ఏ మాత్ర వేసుకున్నాడో మీకు తెలియదు.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా జరిమానా పడొచ్చు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. జిమ్ కౌంటర్ మీద "షుగర్ పౌడర్", "ఒళ్లు తగ్గే చూర్ణం" పెట్టి అమ్మేవాళ్లకి ఇంకో చట్టం ఉంది, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. ఫలానా జబ్బులు నయమవుతాయని మందులకి ప్రకటన ఇవ్వకూడదని ఒక లిస్టు ఉంది అందులో, మధుమేహం, ఊబకాయం రెండూ ఆ లిస్టులో ఉన్నాయి, ఎత్తు పెంచడం కూడా.

మరి ఏం రాయాలి? షుగర్ ఉన్నవాళ్లతో నిజంగా పని చేసి ఉంటే అనుభవం రాయండి, ఫలితం రాయొద్దు: "డాక్టర్ ఎక్సర్‌సైజ్ చేయమని చెప్పిన షుగర్, బీపీ ఉన్నవాళ్లతో పని చేశా. మందుల గురించి, రిపోర్టుల గురించి సలహా ఇవ్వను, అది మీ డాక్టర్ పని." మోకాలు, నడుము నొప్పుల దగ్గర కూడా ఇంతే, "నొప్పి పోగొడతాం", "రీహాబ్" అనే మాటలు ఫిజియోథెరపిస్టువి. మీరు రాయగలిగింది "కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, మెట్లెక్కడం లాంటివి తేలికవ్వడానికి కాళ్ల బలం మీద పని చేస్తాం" అని, ఎందుకంటే అది మీరు కొలవగలరు: మొదటి రోజు ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు, పన్నెండు వారాలకి ఎన్నిసార్లు. ఇట్టాంటి అంకెలు నాకు కేజీల కంటే ఇష్టం, నీళ్లు తాగితే మారవు, ఉప్పు తింటే మారవు.

వాక్యం మెడికల్ క్లెయిమ్ అవునా కాదా అని అనుమానం వస్తే దానిలో జబ్బు పేరూ, "తగ్గిస్తాం, నయం, రివర్స్, కంట్రోల్, మందు లేకుండా" లాంటి మాటా రెండూ ఉన్నాయేమో చూడండి, ఉంటే కొట్టేయండి. "పొట్ట మాత్రమే తగ్గిస్తాం" కూడా పోవాలి, పొట్ట ఎక్సర్‌సైజులు చేస్తే పొట్ట కండకి బలం వస్తది, కొవ్వు మాత్రం ఒళ్లంతా దాని ఇష్టం వచ్చిన వరసలో తగ్గుతది.

నాలుగో పని: మళ్లీ రాయడం

ఇప్పుడు తమ్ముడి ప్రొఫైల్ ఇట్టా తయారయింది:

> మూడేళ్లుగా నెల్లూరులో జిమ్ ట్రైనర్‌గా పని చేస్తున్నా. ఎక్కువగా బరువు తగ్గాలనుకునే కొత్తవాళ్లతో.
>
> స్కిల్ ఇండియా ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు, 2022, అసెస్‌మెంట్ పాస్. ఏస్ పర్సనల్ ట్రైనర్ పరీక్ష 2021లో పాస్, గడువు 2023లో అయిపోయింది, ఇప్పుడు యాక్టివ్‌లో లేదు. రెండు రోజుల న్యూట్రిషన్ వర్క్‌షాప్, 2022, హాజరు. సీపీఆర్ ట్రైనింగ్ చేశా, గడువు తేదీ సర్టిఫికెట్ మీద ఉంది, అడిగితే చూపిస్తా. నేను డైటీషియన్ని కాదు, ఫిజియోథెరపిస్టుని కాదు.
>
> పోయిన ఏడాది బరువు తగ్గడానికి 41 మంది చేరారు. 12 మంది పన్నెండు వారాల లోపే మానేశారు. 5 మందికి చివరి కొలతలు లేవు. మిగిలిన 24 మందిలో 20 మంది 2 కేజీలు ఆపైన తగ్గారు, 4 మందికి మార్పు లేదు లేదా కొంచెం పెరిగారు. మధ్య అంకె 3.4 కేజీలు. బరువు మీద ప్రభావం చూపే మందులు వాడేవాళ్లని కలపలేదు. పొద్దున పరగడుపున, ఒకే మిషన్, మూడు రోజుల సగటు. మీకు ఎంత తగ్గుతదో ముందే చెప్పలేను.
>
> షుగర్, బీపీ, గుండె సమస్య, ప్రెగ్నెన్సీ, ఈ మధ్య ఆపరేషన్ ఉంటే ముందు మీ డాక్టర్‌ని అడిగి రండి. చేరేటప్పుడు ఆరోగ్యం గురించి ఒక ఫామ్ నింపిస్తా.

ఆ చివరి ఫామ్ ఉత్త మాట కాకూడదు. పార్‌క్యూ ప్లస్ అని ప్రపంచమంతా వాడే ప్రశ్నల పత్రం ఉంది, గుండె జబ్బు, ఛాతి నొప్పి, కళ్లు తిరగడం, వాడే మందులు, ఇట్టాంటి ఏడు ప్రశ్నలతో మొదలవుతది. అందులో ఒక్కదానికి అవును అన్నా ఇంకొన్ని ప్రశ్నలు, అవసరమైతే డాక్టర్ దగ్గరికి. ప్రొఫైల్‌లో ఫామ్ నింపిస్తా అని రాసి ఫామ్ లేకపోతే అది కూడా అబద్ధపు క్లెయిమే.

జిమ్ ఓనర్ ఒప్పుకోకపోతే

ఇది తప్పకుండా వస్తది. "ఏంది అబ్బయా ఇది, మానేసిన వాళ్ల లెక్క కూడా రాస్తావా, ఎవడొస్తాడు ఇది చూసి?" అంటారు. వాదించకుండా ఒక పని చేయండి, ఫీజు రిజిస్టర్‌లో మొదటి నెల తర్వాత రెన్యూ చేయకుండా వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో ఓనర్ ముందే లెక్క తీయండి. పది కేజీల మాట విని చేరినవాడు ముప్పయ్యో రోజున బరువు చూసుకుంటాడు, ఒకటిన్నర తగ్గి ఉంటది, అది మంచి రిజల్టే, కానీ పదితో పోల్చుకుని మోసపోయాననుకుని పోతాడు, బయట కూడా అదే చెప్తాడు. 3.4 అని చదివి చేరినవాడికి అదే ఒకటిన్నర అనుకున్నదానికంటే ఎక్కువే. అయినా ఓనర్ ఫ్లెక్సీ మార్చనంటే ఫ్లెక్సీ ఆయనది, కనీసం మీ పేరు, మీ ఫోటో దాని మీద లేకుండా అడగండి, మీ సొంత ప్రొఫైల్ మీ చేతిలోనే ఉంది.

ఫోన్ చేసి "మాస్టర్, నెలకి ఎన్ని కేజీలు తగ్గిస్తారు?" అని అడిగేవాళ్లకి కూడా ప్రొఫైల్‌లో ఉన్నదే చెప్పాలి, ఫోన్‌లో ఒక అంకె, ప్రొఫైల్‌లో ఒక అంకె ఉంటే ఈ పనంతా దండగ. "చెప్పలేనండీ, పోయిన ఏడాది పన్నెండు వారాలు చేసినవాళ్లకి మధ్యస్థంగా మూడు మూడున్నర కేజీలు తగ్గింది, కొంతమందికి అసలు తగ్గలేదు. ముందు ఒకసారి వచ్చి ఫామ్ నింపండి, మాట్లాడుకుందాం." పెట్టేసేవాళ్లు పెట్టేస్తారు.

ప్రొఫైల్ కింద "చివరిగా మార్చిన తేదీ" రాసుకుని ఆరు నెలలకోసారి తెరవండి. సీపీఆర్ గడువు దాటిందేమో, ఏస్ మళ్లీ రాశారేమో, కొత్త ఏడాది 41 బదులు ఎంతమంది చేరారో చూసి మార్చండి, ఈ ఏడాది మధ్య అంకె 3.4 నుంచి 2.8కి పడిపోయినా సరే 2.8 అనే రాయండి, పాతది బాగుందని పాతదే ఉంచేయొద్దు. ఫోటో తీసేయమని అడిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఇన్‌స్టా నుంచే కాదు, హైలైట్స్ నుంచి, జిమ్ వాట్సాప్ గ్రూప్ నుంచి, రిసెప్షన్ దగ్గర తిరిగే టీవీ స్లైడ్స్ నుంచి కూడా తీసేయండి, ఆ టీవీ సంగతే అందరూ మర్చిపోతారు.